ఎర్ర బొమ్మలో అబద్ధం, పచ్చ బొమ్మలో నిజం

వాక్యాన్ని ఎక్కడ ఆపితే పాఠకుడు ఊపిరి బిగబట్టి పేజీ తిప్పుతాడో నాకు తెలుసని చాలా ఏళ్లు నమ్మాను. నేను రాసిన రెండు పుస్తకాలూ మా ఇంట్లో మంచం కిందే ఊపిరి బిగబట్టుకొని పడి ఉన్నాయి, అయినా ఆ నమ్మకం సడలలేదు. అలాంటి మూర్ఖుడి చేతికి మా మేనకోడలు తన అంగడి ప్రచారం అప్పజెప్పింది. పొరపాటు ఆమెది కాదు. ఇంట్లో రాసేవాడు ఒకడున్నప్పుడు డబ్బులిచ్చి బయట రాయించుకోవడం ఎందుకని ఏ వ్యాపారస్తురాలైనా అనుకుంటుంది. రాసేవాడు ఇంట్లో ఎందుకున్నాడో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది.

మా అక్క కూతురు ఆమె. ప్రొద్దుటూరులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే అంగడి పెట్టి బాగానే నడుపుకుంటోంది. ఫోను విప్పడం ఆమెకు కష్టం కాదు. విప్పేముందు జనం విప్పే సందేహాలే కష్టం. పొద్దున అంగడి తలుపు తీసింది మొదలు అవే ప్రశ్నలు, అడిగే నోళ్లు మాత్రం వేరు. నేను పని లేనప్పుడల్లా, అంటే దాదాపు రోజూ, ఆ అంగడిలో స్టూలు మీద కూర్చునేవాణ్ణి. కాబట్టి ఆ ప్రశ్నలన్నీ నాకూ నోటికి వచ్చేశాయి.

"టచ్ పని చేస్తాంది గదమ్మా, పైన అద్దమొక్కటి మార్చియ్యి."

"అట్లా కాదన్నా. నీ ఫోన్లో అద్దము, టచ్చు, బొమ్మ కనపడే డిస్‌ప్లే, మూడూ జిగురుతో ఒకటే పలకగా అతికుంటాయి. ఊడబీకితే లోపలిది పోతాది. మారిస్తే మొత్తం పలక మార్చాల్సిందే."

"మారిస్తే నా ఫోటోలు పోతాయేమో."

"ఫోటోలు స్క్రీన్‌లో ఉండవన్నా."

"మరి స్క్రీన్‌లోనే గదా కనపడతాండేది?"

దీనికి ఆమె జవాబు చెప్పేలోపల ఇంకొకరు వచ్చి, రాత్రంతా ఛార్జింగ్ పెడితే ఫోను పేలుతుందా అని అడిగేవారు. ఆ వెనక వచ్చినాయన బ్యాటరీ సున్నాకు దిగేదాకా వాడి ఆ తర్వాతే ఛార్జి పెట్టాలంట గదా అనేవాడు. అది పాతకాలపు బ్యాటరీల సంగతి, ఇప్పటివాటిని అంతగా ఎండగట్టడమే మంచిది కాదని ఆమె చెప్పేది. చెప్పీ చెప్పీ ఆమెకే ఛార్జి అయిపోయేది.

ఒకరోజు నావైపు తిరిగి అంది. "మామా, ఇవన్నీ రాసియ్యి. ఇన్‌స్టాలో కారొసెల్ పెడతా."

నాకు కారూ లేదు, సెల్లు మాత్రం ఉంది. అదేమిటని అడిగాను. ఒకే పోస్టులో వరసగా బొమ్మలు పెడతారట. చూసేవాళ్లు వేలితో పక్కకు జరుపుకుంటూ ఒకదాని తర్వాత ఒకటి చదువుతారట. "బొమ్మకొక డౌటు, రెండు లైన్ల జవాబు. అంతే. నువ్వు కథ రాయాకు" అంది.

కథ రాయవద్దంటే రాయకుండా ఉండగలిగితే నా జీవితం ఇంకోలా ఉండేది. మొదటి బొమ్మ కోసం ఒక పేజీ రాశాను. 'మనిషి తన ముఖాన్ని మొదట నీళ్లలో చూసుకున్నాడు, తర్వాత అద్దంలో' అని మొదలుపెట్టి, మూడో పేరాకు సెల్‌ఫోను దగ్గరికి వచ్చాను. ఆమె స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి చదివింది.

"మామా, నీళ్లలో పడిన ఫోన్లు వేరే. నేనడిగింది స్క్రీన్లు, బ్యాటరీలు."

"అది ఉపోద్ఘాతం."

"మనోళ్లకు పోద్ఘాతాలు వద్దు. ఫోను బాగయితే చాలు."

రెండోసారి తల వంచుకొని రెండేసి లైన్లే రాశాను. కానీ చదువుకుంటే చప్పగా అనిపించింది. ప్రశ్న, కింద జవాబు. ప్రశ్న, కింద జవాబు. బడిలో అప్పజెప్పినట్టు. ఇలా అయితే ఎవడు వేలు కదుపుతాడు? ఆ సాయంత్రం మంచం మీద పడుకొని ఆలోచిస్తుంటే, కిందున్న పుస్తకాల ప్రభావమో ఏమో, బుర్రలో ఒక ఉపాయం మెరిసింది. జనం నమ్మే అబద్ధాన్ని ఒక బొమ్మలో నిండా పెద్ద అక్షరాలతో ఎర్రగా రాయాలి. నిజాన్ని తర్వాతి బొమ్మలో, పచ్చ రంగులో, నెమ్మదిగా, చిన్న అక్షరాలతో చెప్పాలి. ఎర్ర బొమ్మ చూసినవాడు 'అవును గదా!' అనుకుంటాడు. పక్కకు జరపగానే 'కాదు' అని వినిపిస్తుంది. ఉత్కంఠ అంటే అది!

ఉదాహరణకు ఒక ఎర్ర బొమ్మ ఇలా ఉంది: 'ఫోన్ స్క్రీన్ అంచు పైకి లేచిందా? రాత్రంతా బరువు పెట్టండి. దానంతటదే అతుక్కుంటుంది.'

తర్వాతి పచ్చ బొమ్మ: 'అని చాలామంది అనుకుంటారు. నిజానికి లోపల బ్యాటరీ ఉబ్బి స్క్రీన్‌ను పైకి తోస్తూ ఉండవచ్చు. ఒత్తిడి పెడితే ప్రమాదం. వెంటనే ఫోన్ ఆపేసి, ఛార్జింగ్ పెట్టకుండా మా దగ్గరికి తీసుకురండి.'

మా మేనకోడలు చదివి, పక్కకు జరిపి, మళ్లీ వెనక్కు జరిపి, "బాగుండాది మామా. జనాలు జరుపుతారు" అంది. ఆమెకు నచ్చిందంటే నేను ఎందుకు ఆగుతాను? ప్రతి బొమ్మకూ అడుగున అంగడి పేరు పెట్టాలని మాత్రం ఆమె పట్టుబట్టింది. అదొక్కటే ఆ పోస్టులో అందరూ తప్పకుండా చదివిన ముక్క.

పోస్టు పెట్టిన రోజు హృదయాలు రాలాయి. నా పుస్తకాలకు ఇన్నేళ్లలో రాని హృదయాలు ఒక్క పూటలో వచ్చాయి. వాటిని చూసుకుంటూ నేను ఉబ్బాను. బ్యాటరీ ఉబ్బితే ఎంత ప్రమాదమో నా చేతులతోనే రాశాను గానీ, మనిషి సంగతి ఏ బొమ్మలోనూ రాయలేదు.

ఇక ఇక్కడ మా బట్టల అంగడి మామ వస్తాడు. చుట్టం కాదు, ఊరంతా మామా అని పిలిచే మనిషి, పొద్దునపూట నాతో నడకకు వచ్చే పాత స్నేహితుడు. బజారులో పెద్ద బట్టల వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్లలో ఏ ఇంట పెళ్లయినా చీరలు ఆయన దగ్గరే కొంటారు కాబట్టి, ఆయన ఫోన్లో పెళ్లివాళ్లందరి వాట్సాప్ గుంపులూ ఉన్నాయి. జమ్మలమడుగు వాళ్లు, మైదుకూరు వాళ్లు, పులివెందుల చీనీ తోటల, అంటే బత్తాయి తోటల, రైతులు. వచ్చిన ప్రతిదీ అన్ని గుంపులకూ పంపడం ఆయనకు పుణ్యకార్యం. మంచి మనిషి. మా మేనకోడలు పులివెందులలో రెండో అంగడి పెట్టాలని రూము కోసం తిరుగుతుంటే, బస్టాండు దగ్గర రూమున్న ఒక చీనీ తోటల పెద్దాయనతో మాట్లాడి ఒప్పించింది ఈయనే. ఆమె కొత్త బెంచీ, దీపం, వేడిగాలి మిషను అప్పటికే కొనేసింది. ఆ రూము మీద ఆమె ఎంత ఆశ పెట్టుకుందో నాకు తెలుసు. పులివెందుల నుంచి ఫోన్లు బస్సులో వచ్చి, బాగయి బస్సులో తిరిగిపోతుండేవి. "ఆ ఫోన్లు నాకంటే ఎక్కువ తిరుగుతాండాయి మామా" అనేది.

బట్టల మామకు ఇన్‌స్టా లేదు. "ఏమప్పా, ఏందో రాసినావంట, నాకూ పంపు. నలుగురికీ తెలియజేస్తా" అన్నాడు. బొమ్మలన్నీ వాట్సాప్‌లో ఆయనకు పంపాను. పంపినవాణ్ణి నేనే. వేలు కూడా నాదే.

నాలుగు రోజులకు జమ్మలమడుగు నుంచి ఒకాయన వచ్చాడు. ఫోను చుట్టూ రబ్బరు బ్యాండ్లు, దాని మీద గుడ్డ, గుడ్డ మీద ఇంకో రబ్బరు బ్యాండు. అంగడి బల్ల మీద పెట్టి, "మీరు చెప్పినట్టే చేసినానమ్మా, ఇంకా అతుక్కోలా" అన్నాడు.

"నేనెప్పుడు చెప్తినన్నా?"

ఆయన తన భార్య ఫోను తీసి చూపించాడు. ఎర్ర బొమ్మ. కింద మా అంగడి పేరు. మా మేనకోడలు నావైపు చూసింది. నేను ఫ్యాన్ వైపు చూశాను. అదృష్టం, ఆ ఫోన్లో బ్యాటరీ ఇంకా కొద్దిగానే ఉబ్బింది. ఆమె ముందు ఆ ఫోను ఆపేసి, ఓపిగ్గా రబ్బరు బ్యాండ్లు ఒక్కొక్కటే తీసింది. తీసిన ప్రతి బ్యాండునూ నా స్టూలు దగ్గరికి విసిరింది.

సాయంత్రం బట్టల మామ అంగడికే పోయి అడిగాను. "మామా, పచ్చ బొమ్మలు పంపలేదా?"

"అన్నీ యాడ పంపేదప్పా? శానా ఉండె. ఎర్రవి పెద్దక్షరాలు, చూడముచ్చటగా ఉండాయని అవే పంపినా."

"జవాబులన్నీ పచ్చవాటిలో ఉండాయి మామా."

"జవాబులు ఎవరు చదువుతారప్పా? నీ రాతల్లో ఎర్రవే బాగుండాయి. మెచ్చుకో నన్ను."

అంటే రాయలసీమలో సగం పెళ్లివాళ్ల ఫోన్లలో మా అంగడి పేరు మీద అచ్చమైన అబద్ధాలు మాత్రమే తిరుగుతున్నాయి. బ్యాటరీని సున్నాకు దించండి. ఉబ్బిన బ్యాటరీని పిన్నీసుతో పొడిచి గాలి తీయండి. ఇన్నేళ్ల నా సాహిత్య జీవితంలో ఇంతమంది నన్ను చదివింది అదే మొదటిసారి.

వెంటనే మా మేనకోడలు పోస్టు తీసేసింది. బట్టల మామ చేత అన్ని గుంపుల్లోనూ 'పాత బొమ్మలు నమ్మొద్దు' అని పెట్టించాం. కానీ అప్పటికే పులివెందుల పెద్దాయన వాళ్లింటి ఇంకో సెల్లు నుంచి ఫోన్ చేశాడు.

ఆమె స్పీకరు పెట్టింది. ఆయన గొంతు పెద్దది, స్పీకరు అవసరమే లేదు.

"పాపా, రూము ఇయ్యనులే. ఇంకెవరినైనా చూసుకో."

"ఏమయింది పెద్దాయనా?"

"మీ అంగడి చెప్పినట్టే ఫోను మీద చీనీకాయల పెట్టె పెడితిని. పొద్దున చూస్తే స్క్రీను ఇంకా లేచిండాది. అద్దం కింద సిరా పోసినట్టు నల్లగా అయ్యుండాది. మా ఇంటామె పిన్నీసు కూడా తీసె, నేనే వద్దంటి. ఇట్లాంటి సలహాలిచ్చేటోళ్లను బస్టాండులో కూర్చోబెడితే ఊరు కాలిపోతాది."

"పెద్దాయనా, పిన్నీసు ముట్టుకోవద్దు. ఛార్జింగు పెట్టొద్దు. ఆ పెట్టె తీసి ఫోనును ఇంటి బయట, గడ్డీ కట్టెలూ లేని చోట ఇసుకలో పెట్టండి. రేపు నేనే వస్తాండా."

ఫోన్ పెట్టేసి, కొత్త బెంచీ మీద చేయి ఆనించుకొని నిలబడింది. తర్వాత రేపటికి పనిముట్ల సంచీ సర్దింది. నన్ను తిట్టి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

మర్నాడు ముగ్గురం ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయాం. ఆమె పనిముట్ల సంచీ పట్టుకుంది. నేను అపరాధభావం పట్టుకున్నాను. బట్టల మామ ఎందుకొచ్చాడంటే, రూము మాట్లాడింది తనే కాబట్టి పరువు తనదేనట. బస్సులో దారి పొడుగునా నాకు ధైర్యం చెప్పాడు.

"దిగులు పడాకప్పా. రాసేటోళ్లకు ఇట్లాంటివి మామూలే. నీకు ఇన్నాళ్లూ జరగలేదంటే, ఎవురూ చదవలేదని."

పెద్దాయన ఇంటి ముందు బక్కెట్ ఇసుకలో ఆ ఫోను సగం పూడ్చి ఉంది. పైన ఎవరూ ముట్టుకోకుండా గంప బోర్లించారు. చిన్న సమాధిలా ఉంది. నేను దండం పెట్టుకోబోయి ఆగాను.

నమస్కారాలు అయ్యాక నేనే చొరవ చేశాను. రాసినవాడిగా వివరణ ఇవ్వడం నా బాధ్యత అనుకున్నాను. "అది అసలు సలహా కాదండి. ఎర్ర బొమ్మలో అపోహ, పచ్చ బొమ్మలో వాస్తవం. మధ్యలో ఉత్కంఠ కోసం..."

"ఏంది కోసం?"

"ఉత్కంఠ. అంటే తర్వాత ఏమవుతుందో అని..."

"తర్వాత ఏమయిందో చూస్తాండావు గదప్పా. బక్కెట్లో ఉండాది."

అక్కడితో నా వివరణ ముగిసింది. మా మేనకోడలు అప్పటికే పెరట్లో, చెట్టు నీడకు దూరంగా, బండ మీద గుడ్డ పరిచింది. పక్కన ఇసుక బక్కెట్. ఫోనులో ఛార్జి పూర్తిగా అయిపోయి చల్లగా ఉందని నిర్ధారించుకుంది. స్క్రీన్ సగం లేచే ఉంది కాబట్టి పల్చటి ప్లాస్టిక్ ముక్కతో మిగతా అంచు విప్పింది. లోపలి బ్యాటరీ పొంగిన పూరీలా ఉంది. ముందు దాని తీగ కనెక్టరు ఊడదీసింది. కింద పట్టి ఉన్న జిగురు మీదికి చుక్కలు చుక్కలుగా స్పిరిటు పోసి ఊరుకుంది.

"లాగెయ్యొచ్చు గదా పాపా" అన్నాడు పెద్దాయన.

"లాగితే మడత పడతాది. మడత పడినా, గుచ్చుకున్నా లోపల ఒకదానికొకటి తగిలి మంట పుడతాది. అందుకే ఇనుము వాడను. జిగురు నానేదాకా కూర్చోవాల."

కూర్చున్నాం. బట్టల మామ తోట ముందు నిలబడి తన ఫోటోలు తానే తీసుకుంటున్నాడు. జిగురు నానాక ఆమె ప్లాస్టిక్ ముక్కతో బ్యాటరీని వంచకుండా మెల్లగా లేపి ఇసుకలో పెట్టింది. వెంట తెచ్చిన కొత్త బ్యాటరీ తగిలించింది. ఫోను వణికి, లేచి, మోగింది. కానీ తెర మీద నల్లమరక అలాగే ఉంది.

"ఇది బ్యాటరీ పని కాదు, పెట్టె పని. బరువుకు లోపలి పలక చిట్లింది. స్క్రీను మారుస్తాను, దాని ఖర్చు నాదే. మీ ఫోటోలు, నంబర్లు ఎక్కడికీ పోవు" అంది. నావైపు చూడకుండానే, "తప్పు మాది" అని చేర్చింది. ఆ 'మాది'లో నేను ఉన్నానని నాకు సంతోషం కలిగింది. అలాంటి సంతోషానికి కూడా సిగ్గుపడాల్సిన రోజు అది.

పెద్దాయన మెత్తబడ్డాడు గానీ రూము మాట ఎత్తలేదు. మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు. "నీ చెయ్యి మంచిదే పాపా. చేతి మీద నాకు అనుమానం లేదు. నీ అంగడి పేరుతో పొయ్యే మాట మీద అనుమానం. నా రూములో ఉండి, రేపు ఇంకో బొమ్మ పంపితివనుకో, అది ముక్క ముక్కలుగా ఊరంతా తిరుగుతాది. ఏ ముక్క ఎవరికి చేరుతాదో నీకు తెలవదు. ఏ ముక్క చూసినా మనిషి సరిగ్గా చేసేట్టు ఉండాల. అట్లా రాయగలరా?"

"మా మామ రాస్తాడు" అంది ఆమె, నన్ను అడగకుండా.

"ఈడనే రాయమను."

లోపలినుంచి ఇంటామె పాత పెళ్లిపత్రికల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. వెనకవైపు ఖాళీగా ఉంటాయి గదా. బొమ్మకొక పత్రిక. ఉత్సాహంగా రాయడం మొదలుపెట్టాను. మొదటిది రాయగానే పెద్దాయన లాక్కొని భార్య చేతికి ఇచ్చాడు. "చదివి, ఏం చెయ్యాల్నో చెప్పు."

ఆమె గట్టిగా చదివింది. 'రాత్రంతా ఛార్జింగ్ పెడితే ఫోన్ పేలుతుందన్నది పూర్తిగా నిజం కాకపోయినప్పటికీ...' అక్కడ ఆగి నావైపు చూసింది. "పెట్టాల్నా, వద్దా?"

"పెట్టొచ్చండి, కానీ..."

"ఆ కానీ యాడుండాది?"

"ఇంకో పత్రికలో."

పెద్దాయన నా చేతిలో ఇంకో పెళ్లిపత్రిక పెట్టాడు. చించేశాను, రాశాను. మళ్లీ చించాను. అలవాటైన కాకపోయినప్పటికీలు, నిజానికిలు, అని చాలామంది అనుకుంటారులు, ఒక్కొక్కటీ ఊడిపోతుంటే పన్ను పీకినంత బాధ కలిగింది. చివరికి మిగిలింది ఇంతే:

'స్క్రీన్ పైకి లేస్తే ఒత్తకండి, ఛార్జింగ్ పెట్టకండి. ఆఫ్ చేసి మా దగ్గరికి తెండి. లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు.'

'పగుళ్లు కనపడితే ముందు పైన అతికించిన గార్డు తీసి చూపించుకోండి. పగిలింది గార్డే అయితే స్క్రీన్ మార్చే పని లేదు.'

'స్క్రీన్ మార్చినా, బ్యాటరీ మార్చినా ఫోటోలు పోవు. అయినా ముందుగా ఒక కాపీ దాచుకోండి.'

'రాత్రి ఛార్జింగ్ పెట్టినా నిండగానే ఫోనే ఆపుకుంటుంది. దిండు కింద మాత్రం పెట్టకండి. వేడెక్కుతుంది.'

ఇలాంటివే మరికొన్ని. ఉపమ లేదు, ఉత్కంఠ లేదు, నేను లేను. ఎర్ర రంగూ పచ్చ రంగూ కూడా వద్దన్నాడు పెద్దాయన. పత్రికలన్నీ పేకముక్కల్లా కలిపి, "ఒకటి తియ్యి" అని భార్య ముందు పట్టాడు. మా మేనకోడలు పనిముట్లు తుడుస్తున్నట్టు నటిస్తూ చూస్తోంది. ఆమె రూము ఆ ఒక్క ముక్కలో ఉంది.

ఇంటామె ఒకటి లాగి చదివింది. కొంచెంసేపు ఆలోచించింది. నా పుస్తకం చదివే ఏ మనిషి ముఖాన్నీ నేను అంత భయంగా చూడలేదు.

"అంటే రాత్రి పెట్టొచ్చు. దిండు కింద పెట్టగూడదు." పత్రిక దించి భర్త వైపు తిరిగింది. "విన్యావా? రోజూ నీ తల కింద ఏముండాది?"

పెద్దాయన దగ్గాడు. బట్టల మామ పకపకా నవ్వాడు. పెద్దాయన ఇంకొక ముక్క తీయించాడు, ఇంకొకటి తీయించాడు. అన్నిటికీ ఆమె తడుముకోకుండా చెప్పింది, మధ్యలో ఆయన చేసే తప్పులు కలుపుతూ. ఇక నాలుగో ముక్క తీయించే ధైర్యం ఆయనకు లేకపోయింది.

"సరేలే పాపా" అన్నాడు. "వచ్చే నెల నుంచి రూములో దిగు. ఈ పత్రికల్లోవి తప్ప వేరే రాతలు రాయించాకు."

తిరుగు బస్సులో మా మేనకోడలు కిటికీకి తల ఆనించి, బెంచీ ఏ గోడకు వేయాలో, దీపం ఎక్కడ తగిలించాలో చెప్పుకుంటూ పోయింది. నేను వింటున్నాను. వెనక సీట్లోంచి బట్టల మామ నా భుజం తట్టాడు.

"చూసినావా అప్పా. నేను ఎర్రవి పంపబట్టే ఇంత కథ జరిగె, నీ రాత బాగుపడె. నాకు నువ్వు సన్మానం చెయ్యాల."

అప్పుడే నిర్ణయించుకున్నాను, చేయాలని.

కొత్త బొమ్మలకు ఉత్త అక్షరాలు చాలవు, మనిషి ఫోటో ఉంటే జనం ఆగి చూస్తారని మా మేనకోడలు అంది. మనిషి ఎవరన్న ప్రశ్న రాకముందే నేను పోయి బట్టల మామను అడిగాను. "మామా, నీ ఫోటో కావాల. అందరికీ తెలిసిన ముఖం."

ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, తల దువ్వుకొని, బొట్టు సరిచేసుకొని వచ్చాడు. "ఎట్లా కూర్చోవాలప్పా?"

"బల్ల మీద ఫోను పెట్టి, రెండు చేతులా గట్టిగా అదిమినట్టు కూర్చో. ముఖంలో పట్టుదల కనపడాల."

ముఖంలో పట్టుదల బ్రహ్మాండంగా కనబడింది. ఫోటో తీస్తూ మా మేనకోడలు నా చెవిలో, "మామా, పాపం గదా?" అంది. సన్మానం ఆయనే అడిగాడని చెప్పాను. ఫోటో మీద ఆయన తల చుట్టూ వంపుగా, పెద్ద అక్షరాలతో నేను రాసింది ఒకే మాట: 'ఇట్లా ఒత్తకండి.' కింద అంగడి పేరు. ఒక్క ముక్కే చూసినవాడికి కూడా అర్థమవుతుంది. పులివెందుల పరీక్షకు సరిగ్గా నిలబడే రాత.

బొమ్మలన్నీ మళ్లీ ఆయనకు నేనే పంపాను. ఆయన ఏది ఎంచుకుంటాడో ఈసారి నాకు ముందే తెలుసు. మిగతావి చూడనైనా చూడకుండా, తన ఫోటో ఉన్న ఆ ఒక్కటీ అన్ని గుంపులకూ తానే పంపుకున్నాడు. పైన 'మీ ఆశీస్సులు కోరుతూ' అని కూడా రాశాడట.

మర్నాడు పొద్దున నడక అయ్యాక ఇద్దరం టీ అంగడి దగ్గర ఆగాం. టీ కాచే ఆయన నాకు మామూలుగా గ్లాసు ఇచ్చాడు. బట్టల మామకు ఇచ్చేటప్పుడు మాత్రం రెండు చేతులతో, భద్రంగా అందించాడు.

"మెల్లగా పట్టుకో మామా," అన్నాడు, "ఒత్తాకు."

బల్ల మీద ఉన్నవాళ్లందరూ నవ్వారు. బట్టల మామ గ్లాసు వైపు చూశాడు, వాళ్ల వైపు చూశాడు, తర్వాత చాలాసేపు నావైపు చూశాడు. నేను నా టీ ఊదుకుంటూ ఉండిపోయాను.